పాత పుస్తకం నుంచి నోట్స్ రాసేటప్పుడు

పాత పుస్తకాన్నో రిపోర్టునో కుదించి రాసుకునే ముందు టైటిల్ పేజీ వెనక్కి తిప్పి చూడండి. అక్కడ పునర్ముద్రణ 2008 అని ఉన్నా, దాన్నే నమ్మేయకండి. తొలి ముద్రణ 1998 అయి, మధ్యలో సవరించిన కూర్పు అని ఎక్కడా లేకపోతే, లోపలి సమాచారం 1998 నాటిదే అనుకోవాలి. కాగితం కొత్తది, అంతే.

ఉదాహరణకి అది సౌర కుటుంబం మీద పుస్తకం అనుకుందాం. మీ నోట్స్‌లో మూడు వాక్యాలున్నాయి: గ్రహాలు తొమ్మిది, గురుడికి 16 ఉపగ్రహాలు, గురుడు సూర్యుడి చుట్టూ తిరగడానికి దాదాపు 12 ఏళ్లు. మూడోదాన్ని ముట్టుకోనక్కర్లేదు. మొదటిది 2006లో ప్లూటోని మరుగుజ్జు గ్రహంగా మార్చడంతో చెల్లకుండా పోయింది. రెండోది ఎప్పటికప్పుడు పెరిగే లెక్క, ఇప్పుడు 90 దాటింది. అందుకే ఈ రెండింటి పక్కనే (1998 నాటికి, సరిచూడాలి) అని రాసేయండి. పేజీ చివర ఒకే హెచ్చరిక పెడితే ఏ వాక్యం గురించో ఎవరికీ తెలియదు.

“ఇప్పటివరకు”, “ఇటీవల”, “అతి పెద్ద” లాంటి మాటలు కనిపిస్తే మాత్రం కాస్త ఆగండి. వాటిని అలాగే ఎత్తి రాస్తే “ఇటీవల” అనేది మీరు రాసిన రోజుకి మారిపోతుంది. ఆ మాట తీసేసి సంవత్సరం వేయండి.