నో కాస్ట్ ఈఎంఐ నొక్కే ముందు చూసుకోవాల్సినవి

నల్గొండలోనో, హాలియాలోనో ఇంట్లో కూర్చొని 24,000 రూపాయల ఫోన్‌ను క్రెడిట్ కార్డు మీద ఆరు నెలల నో కాస్ట్ ఈఎంఐలో పెడుతున్నారనుకుందాం. నెలకు 4,000 చాలనిపిస్తుంది. కానీ బ్యాంకు వడ్డీ మానుకోదు. ఏడాదికి 15 శాతమైతే వడ్డీ సుమారు 1,016 రూపాయలు. అంత మొత్తాన్ని ముందే డిస్కౌంట్‌గా తగ్గించి, కార్డు మీద 22,984 మాత్రమే వేస్తారు.

☐ పేమెంట్ పేజీలో ఆ డిస్కౌంట్, వడ్డీ సమానంగా ఉన్నాయా చూడండి. తేడా ఉంటే అది మీ జేబులోంచే పోతుంది.

☐ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ మీరే కట్టాలి. ఇక్కడ అది 183 రూపాయలు. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే జీఎస్టీతో 235. అంటే ఫోన్ మీద దాదాపు 418 అదనం. ఇవి ఆర్డర్ పేజీలో కనిపించకపోవచ్చు, కార్డు బిల్లులో వస్తాయి.

☐ ఒకేసారి కడితే దొరికే కార్డు ఆఫర్ ధరతో పోల్చండి. చాలాసార్లు అదే చవక.

☐ ఆర్డర్ క్యాన్సిల్ చేస్తే ఏమవుతుందో ముందే బ్యాంకు షరతుల్లో చదవండి. అసలు టెన్షన్ ఇక్కడే. వెనక్కి వచ్చేది 24,000 కాదు, 22,984. అప్పటికే పడిన వడ్డీ, జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు సాధారణంగా తిరిగి రావు. కొన్ని బ్యాంకుల్లో రీఫండ్ కార్డులో జమైనా ఈఎంఐ దానంతటది ఆగదు. రీఫండ్ పడగానే బ్యాంకుకు ఫోన్ చేసి ఈఎంఐ మూసేయమని అడగండి, ముందస్తు ముగింపు చార్జీ వేయొద్దని చెప్పి ఫిర్యాదు నంబర్ రాసుకోండి. తర్వాతి బిల్లులో వాయిదా మళ్లీ కనిపిస్తే అది మూతపడలేదన్నమాట.