ఎక్స్‌రే పెడితే వర్ణనే వస్తోంది, జబ్బు పేరు రావట్లేదు: ఎందుకు, ఏం చేయాలి?

సమస్య

నాన్నగారికి మూడు వారాలుగా దగ్గు. ఛాతీ ఎక్స్‌రే తీయించారు. రిపోర్టు రేపు సాయంత్రం ఇస్తామన్నారు. ఆగలేక ఫిల్మును కిటికీ అద్దానికి ఆనించి, ఫోన్‌తో ఫొటో తీసి ఏఐ చాట్ యాప్‌లో పెట్టారు. ఇది ఛాతీ ఎక్స్‌రే అనీ, ఊపిరితిత్తులూ గుండే పక్కటెముకలూ కనిపిస్తున్నాయనీ చెప్పి, డాక్టర్ని కలవమంది. అది మనకు తెలియనిదా?

ముందు ఫొటో చూసుకోండి

ఎక్స్‌రే మిషన్ దాచే అసలు ఫైలులో బూడిద రంగు ఛాయలు వేలల్లో ఉంటాయి. ఫోన్ తీసే మామూలు ఫొటోలో 256 మాత్రమే. దానికి తోడు కిటికీ ఊచల నీడ, అద్దం మెరుపు. ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరితే కనిపించే సన్నని గీత, కాలర్ బోన్ వెనక దాక్కునే చిన్న మచ్చ ఇలాంటి ఫొటోలో మిగలవు.

ఫిల్ము మూలన 'ఆర్' అక్షరం ఉందేమో చూడండి. అది తిన్నగా చదవగలిగేలా, మీకు ఎడమవైపున ఉండాలి. తిరగబడితే ఫిల్మును వెనక నుంచి ఫొటో తీశారన్నమాట. గుండె కుడివైపు ఉన్నట్టు కనబడుతుంది. అదే మూలన ఏపీ అని ఉంటే, మంచం మీద ఉన్న మనిషికి ముందు నుంచి తీసిన ఎక్స్‌రే అయి ఉండవచ్చు. అందులో గుండె ప్లేటుకు దూరంగా ఉంటుంది కాబట్టి ఉన్నదానికంటే పెద్దగా పడుతుంది. చాలామంది ఫొటోను చక్కగా కత్తిరించే తొందరలో ముందు ఈ మూలలనే తీసేస్తారు.

మళ్లీ తీయాలంటే గదిలో లైట్లు ఆర్పి, ల్యాప్‌టాప్‌లో తెల్లటి ఖాళీ పేజీ తెరిచి, ఫిల్మును దాని ముందు పట్టుకోండి. ఫ్లాష్ వద్దు. నాలుగు మూలలూ పడాలి. పేరు, ఐడీ నంబరు మీద మాత్రం చిన్న కాగితం అడ్డం పెట్టండి.

సీటీ స్కాన్ అయితే ఈ తంటా కూడా అనవసరం. ఛాతీ సీటీలో వందల చిత్రాలుంటాయి. ఒకే చిత్రాన్ని ఊపిరితిత్తుల కోసం ఒక వెలుగులో, గుండె చుట్టుపక్కల భాగాల కోసం ఇంకో వెలుగులో మార్చి చూస్తారు. ఫిల్ము మీద అచ్చయినవి కొన్నే. వాటిలో ఒకదానికి ఫొటో తీసి పంపి మొత్తం స్కాన్ గురించి అడిగితే జవాబు ఎక్కడి నుంచి వస్తుంది? సెంటర్‌లో స్కాన్ అసలు చిత్రాలను దాచే డైకామ్ ఫైళ్లున్న సీడీ గానీ లింకు గానీ అడిగి తీసుకోండి. అది రెండో రేడియాలజిస్టుకు చూపించడానికి పనికొస్తుంది.

ఫొటో బాగున్నా జబ్బు పేరు రాకపోతే

అసలు కారణం ఇక్కడుంది. కుడి ఊపిరితిత్తి పైభాగంలో తెల్లటి మచ్చ కనిపించిందనుకోండి. మూడు రోజుల జ్వరం ఉంటే న్యుమోనియా కావచ్చు. వారాల తరబడి దగ్గు, బరువు తగ్గడం ఉంటే టీబీ అనుమానం. రెండేళ్ల కిందటి ఫిల్ములోనూ అచ్చం ఇలాగే ఉంటే పాత గాయం మచ్చ కావచ్చు. గడ్డ కూడా కావచ్చు. ఫిల్ము ఒక్కటే వీటిని విడదీయలేదు. అందుకే రేడియాలజిస్టు కూడా మచ్చ ఎక్కడుందో, ఎలా ఉందో రాసి, అనుమానం చెప్పి, కళ్లె పరీక్ష చేయించమంటారు.

టీబీ కోసం ప్రత్యేకంగా తయారైన సాఫ్ట్‌వేర్లున్నాయి. 15 ఏళ్లు దాటినవారి ఛాతీ ఎక్స్‌రేలను జల్లెడ పట్టడానికి వాటిని వాడవచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అవి ఇచ్చేది కూడా అనుమానం ఎంత ఉందో చెప్పే స్కోరే. తేల్చేది కళ్లె పరీక్ష.

మామూలు చాట్ యాప్ ఆ పనికి తయారైంది కాదు. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి రోగ నిర్ధారణ కోసం ఉద్దేశించిన సాఫ్ట్‌వేర్ కూడా వైద్య పరికరాల లెక్కలోకే వస్తుంది. యాప్ తయారుచేసినవాళ్లు ఆ గీత దాటకుండా ఆపి ఉంచడంలో ఆశ్చర్యమేమీ లేదు.

'నువ్వు రేడియాలజిస్టువి అనుకుని చెప్పు' అంటే ఒక్కోసారి జబ్బు పేరు వస్తుంది. నమ్మేముందు మచ్చ కుడివైపు ఉందని చెప్పి ఉంటే, కొత్త చాట్‌లో అదే ఫొటో పెట్టి, మచ్చ ఎడమవైపు ఉంది కదా అని అడిగి చూడండి. దానికీ తలూపిందంటే మొదటి జవాబూ ఊహే.

అయితే దేనికి వాడాలి?

రిపోర్టు వచ్చాక దాని మాటలు టైప్ చేసి అడగండి. 'రైట్ అప్పర్ జోన్‌లో హెటరోజీనియస్ ఒపాసిటీ' అంటే కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఒకే తీరుగా లేని తెల్లటి నీడ అని విడమరిచి చెబుతుంది. ఇది దానికి బాగా వచ్చిన పని. వయసు, దగ్గు ఎన్నాళ్లుగా ఉంది, జ్వరం, షుగరు, సిగరెట్టు అలవాటు కూడా రాసి, డాక్టర్ని ఏమేం అడగాలో జాబితా తీసుకోండి. పాత ఫిల్ములు ఇంట్లో ఉంటే వెతికి డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లండి.

ఆయాసం పెరిగినా, కళ్లెలో రక్తం పడినా, ఉన్నట్టుండి ఛాతీలో నొప్పి వచ్చినా రిపోర్టు కోసం రేపటిదాకా ఆగొద్దు. ఆ ఫిల్ముతోనే క్యాజువాలిటీకి వెళ్లండి, అక్కడి డాక్టరు మనిషినీ ఫిల్మునూ కలిపి చూస్తారు.