పంపు దగ్గర ఆగిపోయే 175 డాలర్లు: పెండింగ్, ప్రాసెసింగ్, సెటిల్డ్

తిరుపతిలో ఎయిర్ బైపాస్ రోడ్డు మీద టీ తాగి ఫోనుతో స్కాన్ చేస్తే మన ఖాతాలో డబ్బు తగ్గడం, అంగడాయన దగ్గర స్పీకరు మోగడం ఒకేసారి జరిగిపోతాయి. ఆ అలవాటుతోనే అమెరికాలో దిగుతాం. ఇక్కడ కార్డు గీకగానే డబ్బు వెళ్లిపోదు. అది తెలియక మన తిరుపతి, చిత్తూరు పిల్లలు మొదట ఇబ్బంది పడేది చాలావరకు పెట్రోలు బంకులోనే. ఇక్కడ దాన్ని గ్యాస్ స్టేషన్ అంటారు.

ఒక లెక్క చూద్దాం. నాయన తిరుపతిలో డాలర్లు వేయించి ఇచ్చిన ఫారెక్స్ కార్డులో 230 డాలర్లు ఉన్నాయి. పంపు దగ్గరే కార్డు పెట్టి 34.20 డాలర్లకు పెట్రోలు పట్టుకున్నారు. అక్కడి నుంచి ఇండియన్ స్టోరుకు వెళ్లి బియ్యం, కందిపప్పు తీసుకుంటే 62 డాలర్ల బిల్లయింది. కార్డు పనిచేయలేదు. అదే సమయానికి ఇంటి దగ్గర నాయన ఫోనుకు 175 డాలర్లు ఖర్చయినట్టు మెసేజ్ వెళ్లింది. అక్కడ అప్పటికి తెల్లారి కూడా ఉండదు. ఆయన కంగారుగా ఫోన్ చేస్తారు.

జరిగింది ఇదీ. మీరు ఎంత పట్టుకుంటారో పంపుకు ముందుగా తెలియదు. అందుకని ఎక్కువ మొత్తానికి బ్యాంకును అనుమతి అడుగుతుంది. వీసా, మాస్టర్‌కార్డ్ నెట్‌వర్కుల్లో ఇది 175 డాలర్ల దాకా ఉండొచ్చు, కొన్ని బంకుల్లో తక్కువే ఉంటుంది. బ్యాంకు సరేనని ఆ మొత్తాన్ని మీ కార్డులోనే పక్కన పెడుతుంది. దీన్నే హోల్డ్ అంటారు, యాప్‌లో పెండింగ్ అని కనిపిస్తుంది. మీ 230లో వాడుకోవడానికి మిగిలింది 55 మాత్రమే. అందుకే 62 డాలర్ల బిల్లు తిరగ్గొట్టింది. యాప్‌లో రెండు బ్యాలెన్సులు కనిపిస్తే ‘అవైలబుల్’ అన్నదాన్నే నమ్మండి.

తర్వాత బంకు వాళ్లు అసలు మొత్తం 34.20ని పంపిస్తారు. వ్యాపారులు చాలామంది ఆ రోజు లావాదేవీలన్నీ ఒక్కచోట చేర్చి రాత్రికి పంపుతారు. ఈ దశనే కొన్ని యాప్‌లు ప్రాసెసింగ్ అని చూపిస్తాయి. చాలా బ్యాంకులు దీన్ని విడిగా చూపించవు, పెండింగ్‌లోనే కలిపేస్తాయి. బ్యాంకుల మధ్య లెక్క తేలి, మీ ఖాతాలో 34.20 ఖాయంగా రాసుకున్నాక సెటిల్డ్ లేదా పోస్టెడ్ అని వస్తుంది. హోల్డ్ పోయి, బ్యాలెన్సు 195.80 అవుతుంది. ఇది ఒక్కోసారి గంటల్లో అయిపోతుంది, ఒక్కోసారి రెండు మూడు రోజులు పడుతుంది. మధ్యలో శని, ఆదివారాలు వస్తే ఇంకాస్త ఆలస్యం.

ఇదంతా తేలేలోపు ఒక్కోసారి 175 ఒక వరుసలో, 34.20 ఇంకో వరుసలో రెండూ కనిపిస్తాయి. రెండుసార్లు కోసేశారని అనుకోకండి. ఒకటి పెండింగ్, ఒకటి పోస్టెడ్ అయితే పెండింగ్‌ది దానంతటదే పోతుంది. ఒకే మొత్తం రెండుసార్లు పోస్టెడ్ అయ్యుంటేనే రశీదు తీసుకుని బ్యాంకును అడగాలి. హోటల్లో తిన్నప్పుడు దీనికి రివర్సుగా ఉంటుంది: పెండింగ్‌లో 24 ఉన్నది టిప్పు కలిపాక 28.80గా సెటిల్ అవుతుంది. మీరు సంతకం చేసిన కాగితం మీద ఉన్న మొత్తంతో సరిపోతే చాలు.

కార్డులో డబ్బు తక్కువగా ఉన్నన్నాళ్లు నా సలహా ఒకటే. పంపు దగ్గర కార్డు పెట్టకండి. లోపలికి వెళ్లి పంపు నంబరు చెప్పి, ఇన్ని డాలర్లకు కావాలని అడిగి ముందే కట్టేయండి. అంతకే అనుమతి తీసుకుంటారు. క్రెడిట్ కార్డు చేతికొచ్చాక ఇంత బాధ ఉండదు. అప్పుడు హోల్డ్ పడేది లిమిట్ మీద, మీ సొంత డబ్బు మీద కాదు. నాయనకు కూడా ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి.

కొన్నది వద్దనుకుంటే మాత్రం స్టేటస్ చూసి కదలండి. పెండింగ్‌లో ఉండగానే దుకాణానికి చెబితే ‘వాయిడ్’ చేస్తారు, హోల్డ్ విడిపోతుంది. సెటిల్ అయ్యాక చెబితే అది రీఫండ్ కింద వేరే వరుసలో రావాలి, దానికి చాలా రోజులు పట్టొచ్చు. మొత్తం తప్పు పడిందన్న ఫిర్యాదును కూడా చాలా బ్యాంకులు సెటిల్ అయ్యేదాకా తీసుకోవు. మీరు చేయని లావాదేవీ కనిపిస్తే మాత్రం ఆగకండి. అది పెండింగ్‌లో ఉన్నా సరే, వెంటనే యాప్‌లో కార్డును లాక్ చేసి, కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేయండి.