పాత అభ్యర్థికి మళ్లీ ఫోన్ చేసే ముందు

ఆరు నెలల కిందట ఫైనల్ రౌండ్‌లో త్రుటిలో తప్పిపోయిన మనిషికి సరిపడే పోస్టు ఇప్పుడు వచ్చింది. ఫోన్ తీసే ముందు ఇవి చూసుకోండి.

- అప్పటి ఇంటర్వ్యూ నోట్స్ తెరవండి. ఎందుకు ఆగింది? జీతం కుదరకా, అనుభవం చాలకా, ఇంకొకరు కాస్త మెరుగనా? మొదటి రెండిట్లో ఏదైనా ఈ పోస్టుకీ అడ్డమైతే పిలవకండి.

- చివరి మెయిల్ ఎవరిదో చూడండి. ఆయన "ఫలితం ఏమైంది?" అని రాసిన మెయిల్‌కి మనం జవాబే ఇవ్వలేదేమో! (ఇది మామూలుగా జరిగేదే.) అలాగైతే ముందు క్షమాపణ, తర్వాతే పోస్టు సంగతి.

- ఏ రౌండ్లు మళ్లీ అక్కర్లేదో మేనేజర్‌తో ముందే తేల్చుకోండి. పాసైన టెస్టే మళ్లీ రాయమంటే గట్టివాళ్లు అక్కడే తప్పుకుంటారు.

- పాత జీతం అంకె పట్టుకుని మాట్లాడకండి, ఈలోగా ఉద్యోగం మారి ఉండొచ్చు.

- "ఈ పోస్టు ఇక మీదే" అనకండి.