ఇంటర్వ్యూ తర్వాతి మెయిల్‌కి కొత్త రెజ్యూమె అటాచ్ చేసే ముందు

ఇంటర్వ్యూ అయ్యాక థాంక్యూ మెయిల్ పెట్టడంలో పెద్ద ప్రమాదమేమీ లేదు. దానికి కొత్త రెజ్యూమె అటాచ్ చేస్తేనే సంగతి మారుతుంది. అవతలివాళ్ల దగ్గర మీ పాత కాపీ ఉంది. దాని అంచుల్లో పెన్నుతో పెట్టిన గుర్తులున్నాయి, మీరు చెప్పిన జవాబులు ఆయా లైన్ల పక్కనే రాసి ఉన్నాయి. కొత్తది రాగానే రెండూ పక్కపక్కన పెట్టి ఏం మారిందో చూస్తారు. నేను ప్యానెల్‌లో కూర్చున్న రోజుల్లో ఎప్పుడూ అదే చేసేవాణ్ని. కాబట్టి మీరు చూసుకోవాల్సినవి రెండే. మార్చానని మెయిల్‌లో మీరు చెప్పిన ఒక్క లైను తప్ప కొత్త కాపీలో ఇంకేదీ మారకూడదు. ఆ లైను గురించి ఎవరు ఏమడిగినా మీరు తడుముకోకుండా చెప్పగలగాలి.

ఒకమ్మాయి సంగతి చెబుతాను. కస్టమర్ సపోర్ట్‌లో పనిచేస్తూ మా దగ్గర టీమ్ లీడ్ ఉద్యోగానికి వచ్చింది. తరచుగా వచ్చే ఫిర్యాదులకు ముందే జవాబు నమూనాలు రాసి పెట్టుకుని ట్రయల్ నడుపుతున్నామని రెజ్యూమెలో రాసింది. మంగళవారం ఇంటర్వ్యూలో ఫలితం ఏమిటని అడిగాం. లెక్కలు ఇంకా రాలేదని, ఒకటి రెండు రోజుల్లో వస్తాయని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. బుధవారం మధ్యాహ్నం ఆమె టీమ్‌కి రిపోర్టు వచ్చింది. మొదటి జవాబు వెళ్లడానికి అంతకుముందు సగటున 9 గంటలు పట్టేది, ట్రయల్‌లో 4 గంటలైంది. సాయంత్రానికి థాంక్యూ మెయిల్, దానితో కొత్త రెజ్యూమె వచ్చాయి. కొత్త రెజ్యూమె పంపడానికి ఇంతకంటే మంచి కారణం ఉండదు. మేము అడిగి, జవాబు దొరక్క వదిలేసిన ప్రశ్నకు అది సమాధానం.

కానీ ఆమె చేర్చిన లైను ఇలా ఉంది: ‘కస్టమర్లకు జవాబిచ్చే సమయాన్ని 55 శాతం తగ్గించాను.’ లెక్క తప్పు కాదు, 9 నుంచి 4కి వస్తే తగ్గింది దాదాపు అంతే. అయినా ఆ లైను చదవగానే నాకు మూడు సందేహాలొచ్చాయి. మంగళవారం ముగ్గురం కలిసి చేస్తున్నామని చెప్పింది, ఇక్కడ ‘తగ్గించాను’ అంటోంది. ట్రయల్ ఈమెయిల్ ఫిర్యాదులకే అని చెప్పింది, ఇక్కడ కస్టమర్లందరికీ అన్నట్టుంది. ఇక జవాబిచ్చే సమయం అంటే మొదటి జవాబు వెళ్లే సమయమా, సమస్య తీరే సమయమా? సపోర్ట్ పనిలో ఈ రెండింటికీ చాలా దూరం. మొదటి జవాబు త్వరగా వెళ్లినంత మాత్రాన ఫిర్యాదు త్వరగా తీరినట్టు కాదు.

అదే లైను ఇలా రాసి ఉంటే సరిపోయేది: ‘ఈమెయిల్ ఫిర్యాదులపై ముగ్గురం కలిసి నడిపిన ఆరు వారాల ట్రయల్‌లో మొదటి జవాబుకు పట్టే సగటు సమయం 9 గంటల నుంచి 4 గంటలకు తగ్గింది. జవాబు నమూనాలన్నీ రాసింది నేను.’ లైను కొంచెం పొడుగైంది, గొప్పగా వినిపించడం తగ్గింది. కానీ ఇందులో ప్రతి ముక్కా ఇంటర్వ్యూలో ఆమె చెప్పినదానితో కలుస్తుంది. పైగా ఆమె సొంతంగా చేసిన పని ఏదో మొదటిసారి కనబడింది. మాకు కావలసింది అదే.

ఇక్కడ ఇంకో జాగ్రత్త. 9 గంటలు, 4 గంటలు అనేవి ఆమె పనిచేస్తున్న కంపెనీ లోపలి లెక్కలు. వాటిని బయటపెట్టకూడదని మీ ఉద్యోగ ఒప్పందంలో ఉంటే ‘సగానికి పైగా తగ్గింది’ అని రాయండి, చాలు. రుజువు కోసమని ఆ రిపోర్టు స్క్రీన్‌షాట్ మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ పంపకండి. ఈరోజు పాత కంపెనీ కాగితం మాకు పంపినవాళ్లు రేపు మా కాగితం ఇంకొకరికి పంపరా అని చూసేవాళ్లకు అనిపిస్తుంది.

చేతికి పూర్తిగా రానిదాన్ని అచీవ్‌మెంట్‌గా రాయకండి. పరీక్షలో పాసయినట్టు స్క్రీన్ మీద ‘తాత్కాలిక ఫలితం’ అని వస్తే అది ఇంకా సర్టిఫికెట్ కాదు. ప్రమోషన్ ఇస్తామని మేనేజర్ నోటిమాటగా చెబితే, ఉత్తరం వచ్చేదాకా మీ హోదా పాతదే. అలాంటప్పుడు థాంక్యూ మెయిల్ ఆపకుండా ఒక రోజులోపే రెజ్యూమె లేకుండా పంపేయండి. ఫలితం ఖాయమయ్యాక అదే మెయిల్‌కి రిప్లై ఇస్తూ కొత్త కాపీ పెట్టండి. దానికోసం థాంక్యూని అయిదారు రోజులు పట్టి ఉంచితే ఈలోపు అవతల నిర్ణయం అయిపోవచ్చు.

ఆ అమ్మాయి విషయంలో అసలు చిక్కు ఆ లైనుతో రాలేదు. రెజ్యూమె తెరిచాక పాత ఉద్యోగంలో చేరిన నెల తప్పుగా పడిందని ఆమెకు కనబడింది. మార్చి అని ఉంది, నిజానికి మే. సరిదిద్దింది. మెయిల్‌లో మాత్రం ‘ఒక్క లైను చేర్చాను’ అనే రాసింది. రెండు కాపీలూ పక్కన పెడితే నా కంటికి ముందు పడింది ఆ నెలే. ఏదో ఖాళీని కప్పిపుచ్చడానికి మొదట మార్చి అని రాసి, వెరిఫికేషన్‌లో దొరుకుతుందని ఇప్పుడు మార్చిందేమో అన్నాడు ప్యానెల్‌లో ఒకాయన. ఫోన్ చేసి అడిగాం. టైపింగ్ పొరపాటని చెప్పింది, అపాయింట్‌మెంట్ లెటర్ పంపింది, అందులో మే అనే ఉంది. ఆమె నిజాయితీగానే ఉంది. అయినా ఆ రెండు రోజులూ మా మాటలన్నీ ఆ నెల చుట్టూ తిరిగాయి, ట్రయల్ ఫలితం గురించి ఎవరూ మాట్లాడలేదు. ‘చేరిన నెల పాత కాపీలో పొరపాటున మార్చి అని పడింది, సరైనది మే’ అని మెయిల్‌లో ఒక్క వాక్యం ఉంటే మాకు ఆ సందేహమే వచ్చేది కాదు.

తప్పు కనబడితే దిద్దండి, కానీ దిద్దానని చెప్పండి. తేదీలు, హోదాలు, మార్కులు, కంపెనీ పేర్లు, వీటిలో అక్షరం మారినా మెయిల్‌లో ఆ మాట ఉండాలి. ‘పనిలో పని’గా మిగతా వాక్యాలకు మెరుగులు దిద్దడం మాత్రం ఇప్పుడు వద్దు. ‘సహాయం చేశాను’ అన్నది ‘నడిపించాను’ అయిందంటే చదివేవాళ్లకు తెలిసిపోతుంది.

కొత్త లైను చేర్చాక దానికి ఎదురు తిరిగే పాత లైను మిగిలిందేమో వెతకండి. ఫలితం వచ్చిందని పైన రాసి, కింద ‘ట్రయల్ నడుస్తోంది’ అనే వాక్యం అలాగే ఉంచేస్తుంటారు. రెండోది తీసేసి దాని స్థానంలోనే కొత్తది పెడితే ప్యానెల్‌వాళ్లు గుర్తు పెట్టుకున్న చోటే అది కనబడుతుంది. కొత్త లైనువల్ల చివరి రెండు లైన్లు తర్వాతి పేజీకి జారితే ఏదో ఒక పాత పాయింట్ తీసేయకండి, దాని గురించే వాళ్లు రెండో రౌండ్‌లో అడగాలనుకుంటూ ఉండొచ్చు. లైన్ల మధ్య ఖాళీ కొంచెం తగ్గించి సర్దండి.

తర్వాత రెండు కాపీలనూ కంప్యూటర్‌తో పోల్చి చూడండి. కంటిని నమ్మకండి, మన రాత మనకు ఎప్పుడూ సరిగ్గానే కనబడుతుంది. వర్డ్‌లో `Review` కింద `Compare`, గూగుల్ డాక్స్‌లో `Tools` కింద `Compare documents` ఉంటాయి. పాతదిగా ఎంచుకోవాల్సింది వాళ్లకు నిజంగా పంపిన కాపీనే, మీ దగ్గరున్న ఏదో ఒక డ్రాఫ్ట్‌ని కాదు. తేడాల్లో మీరు మెయిల్‌లో చెప్పబోయేవి కాకుండా ఇంకేమైనా కనబడితే అక్కడే ఆగి చూడండి.

పీడీఎఫ్ చేశాక దాన్ని బ్రౌజర్‌లో తెరిచి పైన ట్యాబ్ మీద ఏ పేరు పడిందో చూడండి. అక్కడ ఫైలు పేరు కాకుండా డాక్యుమెంట్ లోపల ఉన్న టైటిల్ కనబడుతుంటుంది. వేరే కంపెనీకోసం చేసుకున్న రెజ్యూమెనే మార్చి వాడితే ఆ కంపెనీ పేరు అందులో మిగిలిపోవచ్చు. వర్డ్‌లో `File`, `Info` దగ్గర టైటిల్ మార్చి మళ్లీ పీడీఎఫ్ చేయండి. ఎర్ర గీతల దిద్దుబాట్లు, పక్క కామెంట్లు పీడీఎఫ్‌లోకి వచ్చాయేమో కూడా అప్పుడే తెలుస్తుంది. ఫైలుకి మీ పేరు, రెజ్యూమె అన్న మాట, నెల ఉంటే చాలు. `final_final2.pdf` లాంటివి వద్దు.

మెయిల్ చిన్నదిగా ఉండాలి. ఏ భాషలో పంపినా అందులో ఉండాల్సింది ఇంతే:

‘నిన్న సమయం ఇచ్చి మాట్లాడినందుకు ధన్యవాదాలు. షిఫ్టు మారేటప్పుడు పెండింగ్ ఫిర్యాదులు చేతులు మారే పద్ధతి గురించి మీరు చెప్పింది నాకు బాగా ఉపయోగపడింది. ట్రయల్ ఫలితం అడిగారు, అది ఈరోజు వచ్చింది. మొదటి జవాబుకు పట్టే సగటు సమయం 9 గంటల నుంచి 4 గంటలకు తగ్గింది. రెజ్యూమె మొదటి పేజీలో, ప్రస్తుత ఉద్యోగం కింద, ట్రయల్ గురించిన పాత వాక్యం స్థానంలో ఇది చేర్చాను. మిగతాది మీ దగ్గరున్న కాపీలాగే ఉంది.’

ఆ చివరి వాక్యం నిజమైతేనే రాయాలి. రెజ్యూమె తెరవకపోయినా విషయం అందేలా ఫలితాన్ని మెయిల్‌లోనే చెప్పడం ముఖ్యం, చాలామంది ఫోన్‌లో అటాచ్‌మెంట్ తెరవరు. ఇంటర్వ్యూ ఏర్పాటు చేసిన హెచ్ఆర్ మెయిల్‌కే రిప్లై ఇవ్వండి. ప్యానెల్‌వాళ్ల చిరునామాలు మీకు ఇవ్వకపోతే ఊహించి పంపొద్దు, వాళ్లకు చేరవేయమని హెచ్ఆర్‌ని అడగండి. కన్సల్టెన్సీ ద్వారా వెళ్లినవాళ్లు ముందు అక్కడి మనిషికి చెప్పాలి, లేకపోతే వాళ్లు పాత కాపీనే తిప్పుతూ ఉంటారు. కంపెనీ పోర్టల్‌లో ఉన్నది కూడా పాతదే అని మరిచిపోకండి. దాన్ని మార్చాలా వద్దా అని మెయిల్‌లో ఒక ముక్క అడగొచ్చు.

ముందు ఫైలు అటాచ్ చేసి, తర్వాత మెయిల్ రాసి, చిరునామా ఆఖరున పెట్టండి. ఒకసారి మీకే పంపుకుని ఫోన్‌లో తెరిచి చూడండి. జీమెయిల్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో `Undo Send` గడువుని 30 సెకన్లకు పెంచుకోవచ్చు. అప్పటికీ తప్పు ఫైలు వెళ్లిపోతే, వెంటనే అదే మెయిల్‌కి రిప్లైగా సరైనది పంపి ‘ముందు పంపిన ఫైలు పొరపాటు, దయచేసి ఇది చూడండి’ అనండి. అంతకుమించి సంజాయిషీ అక్కర్లేదు. మూడో కాపీ పంపాల్సిన అవసరం వచ్చేలా మాత్రం చేసుకోకండి.

పంపాక రెండు కాపీలనూ ఒకే చోట దాచుకోండి. తర్వాతి రౌండ్‌లో ఒకరి ముందు పాతది, ఇంకొకరి ముందు కొత్తది ఉండొచ్చు. వెళ్లేటప్పుడు రెండూ ప్రింట్ తీసుకుని, కొత్త లైను ఎక్కడుందో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని వెళ్లండి.