గణాంకాలు మనంతట మనమే – 7వ పాఠం: శాంపిల్ పెరిగితే ఏది తగ్గుతుంది?

పోయిన పాఠంలో ప్రామాణిక విచలనం (SD) లెక్కగట్టాం. ఇప్పుడు దాని పక్కనే తిరుగుతూ తికమక పెట్టే ప్రామాణిక దోషం (SE) సంగతి చూద్దాం.

25 మంది పెద్దవాళ్ల నాడి కొలిచామనుకోండి. సగటు నిమిషానికి 72, SD 10 వచ్చాయి. ఈ 10 మనుషుల గురించి చెప్పే మాట: ఒకరి నాడికీ ఇంకొకరి నాడికీ ఎంత తేడా ఉంటుందో చెబుతుంది. SE మనుషుల జోలికి పోదు, 72 అనే సగటు గురించే మాట్లాడుతుంది. వేరే 25 మందిని తీసుకుని ఉంటే ఆ సగటు ఎంత అటూ ఇటూ అయ్యేది?

SE = SD / √n

అంటే 10 / 5 = 2. 100 మందిని కొలిస్తే 1, 400 మందిని కొలిస్తే 0.5. SE సగం కావాలంటే నాలుగింతల మంది కావాలి, రెండింతలు చాలరు.

మరి SD? అది తగ్గదు. ఎక్కువ మందిని కొలిచినంత మాత్రాన మనుషుల మధ్య తేడాలు పోవు కదా. 25 మందితో SD ఒకసారి 8.5, ఇంకోసారి 11.5 రావచ్చు. 400 మంది అయ్యేసరికి 10 దగ్గరే కుదురుకుంటుంది. R ఉంటే ఇది నడిపి చూడండి:

```r
for (n in c(25, 100, 400)) {
  x <- rnorm(n, 72, 10)
  print(c(n, sd(x), sd(x)/sqrt(n)))
}
```

నాలుగైదు సార్లు నడపండి. రెండో అంకె పైకీ కిందకీ ఊగుతుంది, మూడోది ప్రతిసారీ మెట్లు దిగుతుంది.

ఈ రెండూ కలగలిస్తే ఏమవుతుందో చూడండి. 100 మందిని కొలిచిన రిపోర్టులో "72 ± 1" అని మాత్రమే రాసి ఉంది. నాడి 85 ఉన్నాయన అది చదివితే, తాను సగటుకు 13 రెట్ల దూరంలో ఉన్నానని టెన్షన్ పడతాడు. ఆ 1 SE మాత్రమే. SDతో చూస్తే ఆయన దూరం 1.3 రెట్లే, అలాంటి వాళ్లు బోలెడు మంది ఉంటారు. ±కి పక్కన అది SDనో SEనో రాయకపోవడం నా దృష్టిలో బద్ధకమే. చిన్నగా, ముద్దుగా కనిపిస్తుందని SE వేసేవాళ్లూ లేకపోలేదు.

ఇంకో పొరపాటు నేనే చేశాను. 25 మందిని తలా నాలుగుసార్లు కొలిచి, 100 వరుసలు ఎక్కించి, √100తో భాగించాను. SE 1 వచ్చింది, సంబరపడ్డాను. కానీ ఒకే మనిషి నాలుగు కొలతలూ దాదాపు ఒకేలా ఉన్నాయి, కాబట్టి నా దగ్గరున్న కొత్త సమాచారం 25 మందిదే. అసలు SE దాదాపు 2. √n సూత్రం ఒకదానితో ఒకటి సంబంధం లేని కొలతలకే పనిచేస్తుంది. దీన్ని పట్టుకోవడం తేలికే: వరుసలు కాదు, మనుషులను లెక్కపెట్టండి. తలా ఒక సగటు తీసి, ఆ 25 సగటులతో SE కట్టండి.

అభ్యాసం: SD 12 ఉన్నచోట SE 0.6 రావాలంటే ఎంతమంది కావాలి? జవాబు 8వ పాఠం మొదట్లో.