ఖాళీ ఫ్లాటు కాపలా – రెండవ పాఠం: ఎనిమిది ఫొటోలు, ఒక పెన్సిల్ గీత

మొదటి పాఠంలో తాళం చెవులు ఎవరి చేతికి ఇవ్వాలో చూశాం. ఈ పాఠంలో ఆ మనిషిని వారానికొకసారి ఏమేమి చూడమని అడగాలో, ఏయే ఫొటోలు పంపమనాలో, వచ్చిన ఫొటోలను మనం ఎలా చదువుకోవాలో నేర్చుకుందాం. ఉదాహరణకు నా సొంత ఫ్లాటునే తీసుకుంటాను. అది బరంపురంలో, అస్కా రోడ్డుకు దగ్గరలో, మూడంతస్తుల భవనంలో రెండవ అంతస్తు మీద ఉంది. నేనుండేది విశాఖపట్నంలో. అద్దెకున్నవారు వేసవిలో ఖాళీ చేసి వెళ్ళిన తర్వాత కొత్తవారు కుదిరేదాకా నాలుగు నెలలపాటు దానికి తాళమే. రెండు వీధుల అవతల మా పెద్దనాన్నగారి పెద్దకోడలు ఉంటారు, నాకు వదినగారు. చెవులు ఆవిడ దగ్గర ఉంచాను.

మొదట్లో నేను చేసిన పొరపాటు చాలామంది చేసేదే. "వదినగారూ, అప్పుడప్పుడు ఒక కన్నేసి ఉంచండి" అని ఊరుకున్నాను. ఆవిడ వెళ్ళారు, తలుపు తీశారు, హాలు మధ్యలో నిలబడి ఒక ఫొటో తీసి, "అంతా బాగానే ఉంది" అని పంపారు. ఆ ఫొటోలో కనిపించింది కిటికీ, ఫ్యాను, కొంత నేల. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ఏం చూడాలో నేను చెప్పలేదు కాబట్టి, చూడదగ్గదేదో ఆవిడకు తెలిసే అవకాశం లేదు. రెండోసారి ఇలా రాశాను:

"వదినగారూ, నమస్కారం. ఫ్లాటు దసరా దాకా ఖాళీగానే ఉండేలా ఉంది. ప్రతి ఆదివారం ఉదయం మీరు గుడికి వెళ్ళి వచ్చేటప్పుడు ఒక పావుగంట లోపలికి వెళ్ళి చూడగలరా? ఎనిమిది ఫొటోలు కావాలి. ఎక్కడ నిలబడి తీయాలో నేలమీద టేపు ముక్కలు అంటించి, వాటిమీద నంబర్లు వేసి వస్తాను. ఏదైనా పాడైనట్టు కనిపిస్తే మీరు బాగు చేయించనక్కరలేదు, నాకు ఫోన్ చేస్తే చాలు. ఒంట్లో బాగా లేకపోయినా, ఊరికి వెళ్ళవలసి వచ్చినా ఆ వారం మానేయండి. ముందు రోజు ఒక మాట చెబితే నేను వాచ్‌మన్‌తో మాట్లాడుకుంటాను."

ఈ కబురులో రోజు ఉంది, సమయం ఉంది, పని ఎంతసేపో ఉంది. వీటన్నిటికంటే ముఖ్యమైనది "బాగు చేయించనక్కరలేదు" అన్న మాట. చూసి రమ్మంటే సంతోషంగా ఒప్పుకునే బంధువులు, ప్లంబరును వెతకడం, బేరమాడడం, పని దగ్గర నిలబడడం కూడా తమ నెత్తిన పడతాయేమోనని లోలోపల జంకుతారు. ఆ హద్దు మనమే ముందుగా గీసి ఇవ్వాలి. డబ్బు విషయం మనిషిని బట్టి ఉంటుంది. పొరుగువారికైతే నెలకు ఇంత అని మాట్లాడుకోవడంలో ఇబ్బంది లేదు కానీ, వదినగారికి జీతం ఇస్తానంటే ఆవిడ ఆ రోజే చెవులు తిరిగి పంపేసేవారు. వంటింటి సొరుగులో వెయ్యి రూపాయలు ఒక కవరులో పెట్టి, బల్బుకో ఆటోకో అందులోంచి తీసుకోమన్నాను.

ఇక ఫొటోలు. మొదటిది తలుపు తీయకముందే తీయాలి, తాళం, గడియ స్పష్టంగా కనిపించేలా. రెండవది కరెంటు మీటరు రీడింగు. ఫ్లాటు లోపల మెయిన్ స్విచ్ ఆపి ఉండగా మీటరులో యూనిట్లు కదిలితే, మీటరు దాటాక ఎక్కడో ఎవరో కరెంటు వాడుకుంటున్నారని అర్థం. మూడవది హాలు. నాలుగవది వంటింట్లో సింకు కింది అర, తలుపు తెరిచి. అయిదవది బాత్‌రూమ్ నేల, జాలీతో సహా. ఆరవది బాత్‌రూమ్‌కు ఆనుకున్న పడకగది గోడ, పైకప్పు మూల కలిసేలా. ఏడవది బాల్కనీలో వాన నీళ్ళు పోయే తూము. ఎనిమిదవది గుమ్మాల అడుగుభాగం, ఎందుకంటే చెదలు కట్టే సన్నని మట్టి చారలు సాధారణంగా అక్కడ్నుంచే పైకి పాకుతాయి.

ప్రతివారం ఒకే చోట నిలబడి తీయడం దేనికంటే, ఒక ఫొటో విడిగా మనకు పెద్దగా ఏమీ చెప్పదు. కిందటి వారం ఫొటోను దాని పక్కన పెట్టినప్పుడే తేడా బయటపడుతుంది. రెండు ఫొటోలూ వేర్వేరు మూలల నుంచి తీసినవైతే పోల్చడం కుదరదు. నేలమీది టేపు ముక్కలు అందుకే. గోడను తీసేటప్పుడు మాత్రం ఫ్లాష్ ఎదురుగా కొట్టకూడదు. గది చీకటి చేసి, టార్చిని గోడకు దగ్గరగా, పక్క నుంచి వాలుగా పట్టుకుని తీస్తే రంగు ఉబ్బిన చోట చిన్న నీడ పడుతుంది. మామూలు వెలుతురులో నున్నగా కనిపించే గోడ మీద కూడా ఆ ఉబ్బు తెలిసిపోతుంది.

ఫొటోకు అందనిది ఒకటి ఉంది, వాసన. తలుపు తీయగానే మొదటి ఊపిరికి ఏ వాసన తగిలిందో ఒక వాయిస్ మెసేజిలో చెప్పమన్నాను. రెండు నిమిషాలు లోపలుంటే ముక్కు అలవాటు పడిపోతుంది కాబట్టి ఆ మొదటి క్షణమే లెక్క. ముక్క వాసన, అంటే తడిసి ఆరని బట్టల వాసన వస్తే చెమ్మ ఉన్నట్టు. మురుగు వాసన వస్తే బాత్‌రూమ్ జాలీ కింద ఉండే వంపులో నీళ్ళు ఆవిరైపోయినట్టు. ఆ వంపులో రెండంగుళాల మేర నిలిచే నీళ్ళే డ్రైనేజి గాలిని, బొద్దింకలను ఇంట్లోకి రాకుండా ఆపుతాయి. ఎవరూ వాడని బాత్‌రూమ్‌లో అవి కొన్ని వారాలలో ఎండిపోతాయి, వేసవిలో ఇంకా త్వరగా. కాబట్టి వదినగారు వెళ్ళిన ప్రతిసారి ప్రతి జాలీలో రెండు మగ్గుల నీళ్ళు పోసి, ఒకసారి ఫ్లష్ చేసి, వచ్చేటప్పుడు ఫ్లాటుకు నీళ్ళు వచ్చే వాల్వును గట్టిగా కట్టేసి రావాలని ఒప్పందం.

ఫొటోలను మామూలుగా వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గిపోతుంది, తీసిన తేదీ వివరమూ పోతుంది. డాక్యుమెంటుగా పంపితే అసలు ఫొటో యథాతథంగా వస్తుంది. వదినగారికి అది మొదట్లో చికాకనిపించింది, ఇప్పుడు నాకంటే వేగంగా చేస్తారు. ఫొటోలు నాకొక్కడికే రావాలి. కుటుంబం గ్రూపులోనో అపార్టుమెంటు గ్రూపులోనో పెడితే, ఫ్లాటు ఖాళీగా ఉందని ఊరికి మనమే చాటింపు వేసినట్టవుతుంది.

ఇప్పుడు అసలు కేసుకు వద్దాం. తొలకరి పడిన తర్వాతి ఆదివారం వచ్చిన ఆరవ ఫొటోలో, పైకప్పు మూలన రూపాయి బిళ్ళంత లేత గోధుమరంగు మచ్చ కనిపించింది. వదినగారి అబ్బాయిని తోడు తీసుకెళ్ళి, స్టూలు వేయించి, ఆ మచ్చ అంచు వెంబడే పెన్సిల్‌తో గీత గీయించి, పక్కన తేదీ రాయించమన్నాను. ఈ పాఠంలో ఒక్క విషయమే గుర్తుంచుకుంటానంటే ఈ గీతనే గుర్తుంచుకోండి. గీత లేకపోతే "కొంచెం పెరిగినట్టుందేమో" అన్న అనుమానం తప్ప మనకేమీ మిగలదు.

రెండవ వారం మచ్చ గీత దాటి రెండు వేళ్ళ వెడల్పు పాకింది. ఆ వారమంతా వాన. నేను వెంటనే వాన నీరే అనేసుకుని, డాబా చూడమని మేస్త్రీని పంపాను. ఆలోచించకుండా చేసిన పని. నా పైన డాబా లేదు, ఇంకొక ఫ్లాటు ఉంది. ఆ మూల బయటి గోడను తాకనే తాకదు. మూడవ వారం వాన దాదాపు లేదు, అయినా మచ్చ రెండవ గీతనూ దాటింది. నా వాల్వు వారమంతా కట్టే ఉంది కాబట్టి నా నీళ్ళ పైపు కూడా కారణం కాదు. నాలుగవ వారం కుండపోత వాన కురిసింది. మచ్చ మాత్రం అంగుళం కూడా కదలకపోగా, అంచుల్లో ఆరి, తెల్లగా ఉప్పు పూసింది. ఆ ఫొటో కింద వదినగారు తనంతట తానే ఒక వాక్యం రాశారు: "పై వాళ్ళు రథయాత్రకని పూరీ వెళ్ళారు, వారం నుంచి లేరు." నేను అడగని ఆ వాక్యంతోనే చిక్కు విడిపోయింది. వాన ఉన్నా మనుషులు లేనప్పుడు ఆగి, వాన లేకున్నా మనుషులు ఉన్నప్పుడు పెరిగిన చెమ్మ పై బాత్‌రూమ్‌దే కావాలి.

పైవారు తిరిగి వచ్చాక నాలుగు ఫొటోలను వరుసగా, తేదీలతో సహా వారికి పంపాను. ఉత్త మాటగా చెప్పి ఉంటే వాదన జరిగేది. ఫొటోలు చూశాక "ఎలా తేల్చుకుందాం" అని వారే అడిగారు. వారి బాత్‌రూమ్ జాలీలో తడిగుడ్డ కుక్కి, నేలంతా అంగుళం నీళ్ళు నిలిపి, 24 గంటలు వాడకుండా వదిలేశారు. మర్నాటికి నా పైకప్పు మీద మచ్చ తాజా గీతను దాటింది. నేల మీద నిలబెట్టిన నీళ్ళే కిందికి దిగాయంటే లోపం నేలలో ఉన్నట్టు. మచ్చ కదలకుండా ఉంటే వారి పైపులను పరీక్షించవలసి వచ్చేది. జాలీ చుట్టూ రెండు టైల్స్ తీసి చూస్తే, మురుగు పైపు శ్లాబులోంచి దిగే చోట చుట్టూ సందు పడి ఉంది. దాన్ని పూడ్చి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, టైల్స్ మళ్ళీ వేయించారు.

మరమ్మతు అయిందని వెంటనే రంగు వేయించకూడదు. మచ్చ మీద పారదర్శకమైన ప్లాస్టిక్ ముక్క పెట్టి, నాలుగు వైపులా టేపుతో అంటించి, ఒక రోజు తర్వాత చూడాలి. లోపలివైపు నీటి బిందువులు పట్టి ఉంటే గోడ ఇంకా తడిగానే ఉన్నట్టు. మా గోడ ఆ పరీక్షలో మూడు ఆదివారాలు తప్పింది, నాలుగో ఆదివారానికి ప్లాస్టిక్ పొడిగా వచ్చింది.

ఈ వారం అభ్యాసం: మీ ఫ్లాటు నేల పటం ఒక కాగితం మీద గీసి, ఎనిమిది నిలబడే చోట్లు గుర్తు పెట్టండి. మీ పైన ఎవరి బాత్‌రూమ్ ఎక్కడ వస్తుందో కూడా దానిమీదే రాయండి. మూడవ పాఠంలో తుపాను రోజుల సంగతి చూద్దాం. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గర దాటి గంజాం, గజపతి జిల్లాలను ముంచెత్తింది. అలాంటి వారంలో వదినగారిని ఎప్పుడు వెళ్ళమనాలి, ఎప్పుడు గడప దాటవద్దనాలి అన్నది అప్పుడు చెప్పుకుందాం.